పోను ఒక టికెట్, రాను ఒక టికెట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

వేసవి ప్రయాణాలకు టికెట్లు కొనే రోజులివి. గన్నవరం నుంచి ఢిల్లీ, ముంబై వెళ్లేవాళ్లు, కొడుకు స్నాతకోత్సవానికో కూతురి పురిటికో అమెరికా బయల్దేరే తల్లిదండ్రులు ఫోన్‌లో ధరలు చూసుకుంటూ అందరూ ఒకే లెక్క వేస్తున్నారు. పోవడానికి ఈ కంపెనీ చవక, రావడానికి ఆ కంపెనీ చవక, విడివిడిగా కొంటే మనిషికి ఐదారు వందలు మిగులుతాయి అని. మిగులుతాయి, నిజమే. ఆ ఐదారు వందల కోసం దేన్ని వదులుకుంటున్నామో మాత్రం టికెట్ కొనే పేజీలో పెద్దక్షరాలతో రాసి ఉండదు. అది తెలిసి కూడా విడిగానే కొంటామంటే ఎవరూ కాదనరు. తెలియక కొనొద్దనే ఈ హెచ్చరిక.

విషయం క్లుప్తంగా ఇదీ. రానూ పోనూ ఒకే టికెట్‌పై ఉంటే మీ ప్రయాణం మొత్తానికీ ఆ కంపెనీ జవాబుదారీ. రెండు టికెట్లు కొంటే ఎవరి ముక్కకు వాళ్లే జవాబుదారీ. మీరు ఢిల్లీ వెళ్లాల్సిన విమానం రద్దయితే ఆ కంపెనీ ఆ టికెట్ డబ్బులు తిరిగిచ్చి చేతులు దులుపుకుంటుంది. తిరిగి తీసుకురావాల్సిన కంపెనీకి ఆ రద్దుతో పనిలేదు. దాని విమానం వేళకే గాల్లోకి లేస్తుంది, అందులో మీ సీటు ఖాళీగా ఉంటుంది. మీరు ఢిల్లీకి చేరనే లేదన్నది మీ సొంత గోడు. వాళ్ల పుస్తకాల్లో మీరు టికెట్ కొని రాని ప్రయాణికులు, అంతే.

మనవాళ్లకు ఈ తేడా చప్పున తట్టకపోవడానికి కారణం ఉంది. విజయవాడ రైల్వే జంక్షన్ చుట్టూ పెరిగిన ఊరు. రైల్లో ఎప్పుడూ పోను ఒక పీఎన్‌ఆర్, రాను మరో పీఎన్‌ఆర్. వెళ్లడం మానుకుంటే వచ్చే టికెట్ రద్దు చేసుకుంటాం, ముందుగా చేసుకుంటే కొద్ది డబ్బుతో పోతుంది. అక్కడ రద్దు రుసుము తరగతిని బట్టి, ఎంత ముందుగా చేసుకున్నామన్నదాన్ని బట్టి కట్టిన పట్టికలో ఉంటుంది, ఏ బండికైనా ఒకే యజమాని. బస్సులో అయితే సంక్రాంతికో దసరాకో రానూ పోనూ ఒకేసారి కొన్నవాళ్లకు ఏపీఎస్‌ఆర్‌టీసీ ఛార్జీలో 10 శాతం తగ్గించిన ఏడాదులున్నాయి. తగ్గింపు వస్తే సరే, లేకపోయినా కొంప మునిగేది లేదు. ఆ అలవాటునే విమానం దగ్గరికీ పట్టుకెళ్తున్నాం. అక్కడ యజమానులు వేరు, నిబంధనలు వేరు, రద్దు రుసుము వందల్లో కాదు, వేలల్లో.

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. 2025 డిసెంబర్ మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. పైలట్ల విశ్రాంతి వేళల కొత్త నిబంధనల రెండో విడత నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వారంలో వరుసగా ఇవ్వాల్సిన విశ్రాంతి తొలి విడతలోనే 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, ఈ విడతతో రాత్రి వేళ దిగే విమానాల సంఖ్యకు కట్టడి పడింది. దానికి తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోని ఇండిగో రోజుకు వందల విమానాలు రద్దు చేస్తూ పోయి, డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఆపేసింది. దేశంలో సగానికి మించిన ప్రయాణికులను మోసే కంపెనీ అది. గన్నవరం లాంటి విమానాశ్రయంలో అది ఆగితే మిగతావాళ్ల విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిందే. మర్నాడు కేంద్ర విమానయాన శాఖ ఛార్జీలకు పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, వెయ్యి లోపు 12,000, పదిహేను వందల లోపు 15,000, అంతకు మించితే 18,000. రద్దయిన విమానాల డబ్బు డిసెంబర్ 7 రాత్రి 8 గంటల్లోగా వెనక్కి ఇవ్వాలని ఆదేశించింది.

టీవీల్లో ఈ వార్తలన్నీ వచ్చాయి. వాటిలో పెద్దగా చర్చకు రాని సంగతి ఒకటుంది. డిసెంబర్ 5 నుంచి 15 మధ్య ప్రయాణాలను రద్దు చేసుకున్నా, తేదీ మార్చుకున్నా రుసుము తీసుకోబోమని ఇండిగో ప్రకటించింది. అంటే పోయేదీ వచ్చేదీ అదే కంపెనీలో, ఆ తేదీల్లోనే ఉన్నవాళ్లకు పోయే విమానం రద్దయినా వచ్చే టికెట్ భారం పడలేదు. పోయేది ఇండిగోలో, వచ్చేది వేరే కంపెనీలో కొన్నవాళ్ల సంగతి? ఆ వేరే కంపెనీ విమానాలు ఆ వారమంతా ఎగురుతూనే ఉన్నాయి. ఎగిరే విమానానికి మినహాయింపు ఇవ్వాల్సిన అవసరం ఎవరికుంటుంది? మినహాయింపులన్నీ రద్దు చేసిన కంపెనీ తన టికెట్ల మీద ఇచ్చుకునేవే. పక్క కంపెనీ టికెట్‌ను అవి ముట్టుకోవు.

లెక్క వేసి చూద్దాం. పేర్లూ ధరలూ ఊహించుకున్నవే కానీ నిబంధనలు ఉన్నవే. గుడివాడ నుంచి నలుగురున్న కుటుంబం ఢిల్లీలో మేనల్లుడి పెళ్లికి బయల్దేరిందనుకోండి. పెళ్లి ఆ డిసెంబర్ 6వ తేదీ శనివారం రాత్రి. 5వ తేదీ శుక్రవారం గన్నవరంలో ఎక్కాలి, 8వ తేదీ సోమవారం తిరుగు ప్రయాణం. పోను ఒక కంపెనీలో మనిషికి 6,900, రాను మరో కంపెనీలో 6,500. రెండూ ఒకే కంపెనీలో కొంటే మనిషికి 600 ఎక్కువయ్యేది, ఇలా నలుగురికీ కలిపి 2,400 మిగిలింది. ఆ డబ్బుతో పెళ్లికూతురికి చీర కొన్నారనే అనుకుందాం.

శుక్రవారం పొద్దున విమానం రద్దు అని మెసేజ్ వచ్చింది. పోను టికెట్ డబ్బు 27,600 పూర్తిగా వెనక్కొస్తుంది, అందులో పేచీ లేదు. ఇంకో విమానం చూస్తే గన్నవరం నుంచి ఢిల్లీకి ఆకాశమార్గం దాదాపు 1,400 కిలోమీటర్లు. ప్రభుత్వం పెట్టిన పరిమితిలోనే మనిషికి 15,000 వరకు అడగవచ్చు, విమానాశ్రయ రుసుములు, పన్నులు దానికి అదనం. నలుగురికి 60,000 దాటుతుంది, అదీ సీట్లుంటే. పైగా ఆ పరిమితి వచ్చింది శనివారం, వీళ్లు వెతుక్కున్నది శుక్రవారం. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ దొరికినా విజయవాడ నుంచి ఢిల్లీ చేరేసరికి ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతాయి, పెళ్లి అందదు. మానుకున్నారు.

ఇప్పుడు సోమవారం నాటి టికెట్లు నాలుగు, 26,000 రూపాయల సరుకు. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే రద్దు రుసుము మనిషికి 4,500 అన్నారనుకోండి. డీజీసీఏ నిబంధన ప్రకారం రద్దు రుసుము బేస్ ఫేర్, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. 6,500లో ఆ రెండూ కలిపి 5,300 అనుకుంటే 4,500 అడగడం నిబంధనకు లోబడే ఉంది. నలుగురికి 18,000 పోయింది, చేతికి వచ్చింది 8,000. రెండు వేల నాలుగు వందలు మిగుల్చుకోబోయి పద్దెనిమిది వేలు పోగొట్టుకున్నారు. అదీ వాళ్లు వెంటనే ఫోన్ చేసి రద్దు చేసుకున్నారు కాబట్టి. ఆ హడావిడిలో తిరుగు టికెట్ సంగతి మరచిపోయి సోమవారం విమానం వెళ్లిపోయాక గుర్తొస్తే ఇంకా అన్యాయం. అప్పుడు బేస్ ఫేర్‌లో పైసా రాదు. ప్రయాణం చేయకపోయినా యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి విమానాశ్రయ రుసుములు, ప్రభుత్వ పన్నులు తిరిగివ్వాలని నిబంధన ఉంది కాబట్టి మనిషికి వెయ్యో, పన్నెండు వందలో వస్తాయి. అవీ అడిగినవాళ్లకే ముందు వస్తాయి.

మరి నష్టపరిహారం అనేదొకటి ఉంది కదా అంటారా? ఉంది. ముందుగా చెప్పకుండా కంపెనీ తన తప్పు వల్ల విమానం రద్దు చేస్తే రెండు గంటలు మించిన ప్రయాణానికి 10,000 రూపాయలు, లేదా ఆ వైపు టికెట్ బేస్ ఫేర్, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. ఇందులో గమనించాల్సింది ఆ వైపు టికెట్ అన్న మాట. రద్దయిన విమానం విలువే కొలబద్ద. దాన్ని నమ్ముకుని మీరు కొన్న రెండో కంపెనీ టికెట్, హోటల్ గది, పెళ్లి కానుక ఆ లెక్కలోకి రావు. తుపాను, పొగమంచు, గగనతలం మూసివేత లాంటి కారణాలైతే ఆ పరిహారం కూడా ఉండదు. డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు, అక్టోబర్, నవంబర్‌లలో మన తీరానికి తుపాన్లు. చాలామంది ప్రయాణాలు పెట్టుకునేది కూడా ఈ నెలల్లో.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. దేశంలో తిరిగే చవక విమానాల్లో రౌండ్ ట్రిప్ అని కొన్నా ప్రత్యేకమైన ధర చాలాసార్లు ఉండదు, రెండు వైపుల ధరలూ కలిపి చూపిస్తారంతే. కాబట్టి అక్కడ రౌండ్ ట్రిప్ కొనమనడం డబ్బు మిగలడానికి కాదు. రెండు ప్రయాణాలూ ఒకే కంపెనీలో, ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే ఒకటి దెబ్బతిన్నప్పుడు రెండోదాన్ని కూడా దాంతో కలిపి రద్దు చేయమనడానికో, తేదీ జరపమనడానికో మీకు ఒక పట్టు దొరుకుతుంది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి మీ రెండు ప్రయాణాలూ ఒకే తెర మీద కనిపిస్తాయి. ధర ఒకటే అయినప్పుడు ఆ పట్టు వదులుకోవడం ఎందుకు? దీనికి ఎదురు వాదన కూడా ఉంది. ఆ డిసెంబర్‌లోనే, ముందే ఢిల్లీ చేరి, తిరుగు టికెట్ వేరే కంపెనీలో ఉన్నవాళ్లు హాయిగా ఇంటికొచ్చారు. కొంపలు మునిగేది ఎవరి విమానమో ముందే తెలిస్తే ఆ వాదన నిలబడుతుంది. తెలియదు కాబట్టే ఈ గొడవంతా.

చాలామంది తాము రెండు టికెట్లు కొంటున్నామని తెలియకుండానే కొంటున్నారు, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. టికెట్లు అమ్మే వెబ్‌సైట్లు, యాప్‌లలో రౌండ్ ట్రిప్ అని నొక్కితే అన్నిటికన్నా పైన వచ్చేది చాలాసార్లు రెండు కంపెనీల జత. పోను ఒకరిది, రాను ఇంకొకరిది, ధర మాత్రం ఒకే అంకెగా కలిపి ఉంటుంది, డబ్బు కూడా ఒకేసారి కడతాం. తెర మీద రౌండ్ ట్రిప్, చేతికొచ్చేది రెండు విడి టికెట్లు. గవర్నర్‌పేటలో ఏజెంటు దగ్గర కొన్నా ఇదే జరగవచ్చు, ఆయన కూడా అదే తెర చూస్తున్నాడు మరి.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. డబ్బు కట్టే ముందు రెండు వైపులా కంపెనీ పేరు ఒకటేనా చూడండి. టికెట్ వచ్చాక ఎన్ని పీఎన్‌ఆర్‌లు ఉన్నాయో చూడండి. ఆరు అక్షరాల కోడ్ రెండు వైపులా ఒకటే ఉంటే సగం నిశ్చింత. అంతర్జాతీయ ప్రయాణమైతే ఈ-టికెట్‌పై 13 అంకెల నంబరు ఉంటుంది, దాని మొదటి మూడంకెలు కంపెనీ గుర్తు. ఎయిర్ ఇండియాది 098, ఎమిరేట్స్‌ది 176, ఖతార్‌ది 157. రానూ పోనూ ఒకే 13 అంకెల నంబరు కింద ఉంటే అది ఒక టికెట్. రెండు నంబర్లుంటే ఏజెంటును అడిగి తేల్చుకోండి. మజిలీలు నాలుగు మించినప్పుడు ఒకే టికెట్‌కు వరుస నంబర్లు రెండు రావడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. పొరపాటున జత టికెట్లు కొన్నామని తేలితే ఆలస్యం చేయొద్దు. ప్రయాణానికి ఇంకా చాలా రోజులుండి, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే కొని ఉంటే కొన్నాక నిర్ణీత గంటల్లోగా రుసుము లేకుండా రద్దు చేసుకునే వీలును డీజీసీఏ కల్పించింది. వేరే వెబ్‌సైట్‌లో కొంటే ఆ వీలు దొరక్కపోవచ్చు, వాళ్ల కన్వీనియన్స్ ఫీజు ఎలాగూ రాదు.

అమెరికా ప్రయాణంలో పందెం ఇంకా పెద్దది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కూతురి పురిటికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు లేని ఊరు వెతికితే గానీ దొరకదు. వీళ్లలో చాలామంది రెండు టికెట్లు కొనడానికి ధర కారణం కాదు. ఎప్పుడు తిరిగొస్తామో తెలియదు. బిడ్డ పుట్టాక బారసాల, ఆపైన అల్లుడు ఇంకో నెల ఉండమంటే? అందుకని పోను టికెట్ ఇక్కడ తండ్రి కొంటాడు. రాను టికెట్ సంగతి అక్కడ కూతురు చూస్తుంది, డాలర్లలో, తన కార్డు మీద, వేరే కంపెనీలో. వినడానికి బాగానే ఉంది.

అలా కాకుండా మచిలీపట్నం దంపతులు న్యూజెర్సీలో ఉన్న కూతురి దగ్గరికి ఎయిర్ ఇండియాలో రౌండ్ ట్రిప్ కొన్నారనుకుందాం. గన్నవరం నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి న్యూయార్క్, మళ్లీ న్యూయార్క్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి గన్నవరం. ఒక టికెట్, నాలుగు కూపన్లు. పురుడు పది రోజులు ముందుకొచ్చింది. అందరూ ఆలోచించేది తిరిగి రావడం వాయిదా పడితే ఎలా అని. బయల్దేరడమే ముందుకు జరగడం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకే టికెట్ అయితే రెండు తేదీలూ ఒకేసారి మార్పించుకోవచ్చు. సాధారణంగా రెండు వైపులా ఒకేసారి మారిస్తే మార్పు రుసుము టికెట్‌కు ఒకసారే, దానిపైన ఛార్జీల తేడా. రెండు విడి టికెట్లయితే రెండు కంపెనీలకు రెండు ఫోన్లు, రెండు రుసుములు. ఇక బయల్దేరే ముందు తల్లికి ఒంట్లో బాగాలేక ప్రయాణమే మానుకోవాల్సి వస్తే, ఇక్కడి టికెట్‌కు ఇక్కడి రద్దు నిబంధన, అక్కడ కొన్నదానికి అక్కడి నిబంధన. మిగిలిన డబ్బు కూతురి కార్డుకు పోతుంది కాబట్టి ఆ తగాదా కూడా ఆవిడే పడాలి, పురిటి మంచం మీద నుంచి.

గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు 2025 జూన్ 23 సాయంత్రాన్ని మరవకూడదు. ఖతార్ కొన్ని గంటలపాటు తన గగనతలం మూసేసింది, దోహాకు వచ్చే విమానాలు దారి మళ్లాయి, అక్కడ మారాల్సినవాళ్లు చిక్కుకుపోయారు. అలాంటి రోజున విమానాన్ని నడిపే కంపెనీ తన టికెట్ ఉన్నవాళ్లకు మరో రోజు సీటు ఇస్తుంది. ప్రయాణం రెండు మూడు రోజులు వెనక్కి జరిగితే తిరుగు తేదీ కూడా జరపమని అదే ఫోన్‌లో అడగవచ్చు. తిరుగు టికెట్ ఇంకో కంపెనీదైతే వాళ్లు చెప్పేది ఒకటే, మా విమానం సవ్యంగానే ఉంది కదండీ అని.

ఇమిగ్రేషన్ సంగతి కూడా ఉంది. విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లేవాళ్లకు తిరుగు టికెట్ ఉండి తీరాలని చట్టం అనదు. కానీ అక్కడ దిగాక ఎన్నాళ్లు ఉండనివ్వాలో తేల్చేది ఎదురుగా కూర్చున్న అధికారి. ఎప్పుడు తిరిగి వెళ్తారని అడుగుతాడు. ఇంగ్లీషు తడబడే పెద్దవాళ్ల చేతిలో ఒకే కాగితంపై పోయే తేదీ, వచ్చే తేదీ రెండూ ఉంటే ఆ కాగితమే జవాబు చెబుతుంది. పోను టికెట్ ఒక్కటే ఉండి, వచ్చేది మా అమ్మాయి చూసుకుంటుందండీ అంటే, అనుమానించడం అతని ఉద్యోగం. విడిగా కొన్నా సరే, రెండు టికెట్లూ అచ్చు తీసి పాస్‌పోర్టుతోపాటు పెట్టుకోండి, రెంటిలో పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

మలేసియా, థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లకు దెబ్బ ఇక్కడే, మన విమానాశ్రయంలోనే తగులుతుంది. వీసా అక్కర్లేదనో, దిగాక ఇస్తారనో సంబరపడి పోను టికెట్ ఒక్కటే కొని, వచ్చేది అక్కడికెళ్లాక కొందామని బయల్దేరతారు. చెక్-ఇన్ కౌంటర్‌లో సిబ్బంది టైమాటిక్ అనే వ్యవస్థలో ఆ దేశం నిబంధన చూస్తారు. తిరుగు టికెట్ చూపించాలని అందులో ఉంటే మీ దగ్గర అది లేనిదే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. ఇచ్చి పంపితే, ఆ దేశం మిమ్మల్ని వెనక్కి తిప్పితే, తిరిగి తీసుకురావాల్సిన బాధ్యత ఆ కంపెనీ మీదే పడుతుంది మరి. ఇక అక్కడ నిలబడి, వెనక క్యూ గొణుగుతుండగా, ఎంత చెబితే అంతకు టికెట్ కొనాలి. దీనికి విరుగుడుగా కొందరు ఏజెంట్లు డమ్మీ టికెట్ ఇస్తామంటారు. అది డబ్బు కట్టకుండా పెట్టిన బుకింగ్, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే చచ్చిపోతుంది. చచ్చిన పీఎన్‌ఆర్‌ను కౌంటర్‌లో కొట్టి చూస్తే ఏముంటుంది? ఏజెంటు ఫోన్ ఎత్తడు.

చిన్నవిగా కనిపించేవీ కొన్ని ఉన్నాయి. వీల్‌చైర్ అడిగారనుకోండి, ఆ అభ్యర్థన ఒక పీఎన్‌ఆర్‌కే ఎక్కుతుంది. రెండో కంపెనీకి మళ్లీ అడగాలి, మరిస్తే మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మ న్యూయార్క్ విమానాశ్రయంలో గేటు దాకా నడవాలి. సామాను లెక్క కూడా అంతే. పోయేటప్పుడు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు అనుమతించారని ఆవకాయ జాడీలూ పూతరేకులూ సర్దుకుని పోతారు. తిరుగు టికెట్ చవక రకం ఛార్జీదైతే ఒకే పెట్టె ఉండవచ్చు. మనవడి పాత ఉయ్యాల దాకా మూటగట్టి ఇచ్చిన కూతురు, అదనపు పెట్టెకు డాలర్లు కట్టేటప్పుడు గానీ ఆ తేడా చూడదు.

విడి టికెట్లే సరైన దారి అయిన సందర్భాలూ లేకపోలేదు. చదువుకు వెళ్లే పిల్లలు, గల్ఫ్‌కు పని వీసా మీద వెళ్లేవాళ్లు రౌండ్ ట్రిప్ కొనడం దండగ. ఒక ఊళ్లో దిగి వేరే ఊరి నుంచి తిరిగొచ్చేవాళ్లు ఒకే టికెట్‌పై అలా ఇస్తారేమో ముందు అడిగి, కుదరకపోతేనే విడిగా కొనుక్కోవచ్చు. రౌండ్ ట్రిప్‌లో ఒక ఉచ్చు కూడా ఉంది, దాన్ని దాచడం తప్పవుతుంది. కూపన్లు వరుసగా వాడాలి. గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా న్యూయార్క్‌కు టికెట్ తీసుకుని, హైదరాబాద్‌లో పెళ్లి చూసుకుని అక్కడి నుంచే ఢిల్లీ పోదాంలే అని గన్నవరం విమానం వదిలేస్తే, మీరు రాలేదని రాసుకుని మిగతా మూడు కూపన్లూ రద్దు చేస్తారు. ఢిల్లీ చేరాక న్యూయార్క్ సీటు ఉండదు, తిరుగు టికెట్ కూడా ఉండదు. మొదటి మజిలీ మానుకోవాలనుకుంటే విమానం బయల్దేరే ముందే కంపెనీకి చెప్పి టికెట్ మార్పించుకోవాలి. తిరుగు తేదీ తెలియనివాళ్లు కూడా ఒక అంచనా తేదీ వేసి, తేదీ మార్పుకు వీలున్న రకం రౌండ్ ట్రిప్ కొనడం మేలు. కొనేముందు మార్పు రుసుమెంతో, టికెట్ ఎన్నాళ్లు చెల్లుతుందో ఏజెంటు చేత వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

ఇప్పటికే రెండు టికెట్లు కొనేసినవాళ్లు కంగారుపడి రెంటినీ రద్దు చేసుకోకండి, అది మరో నష్టం. రెండు కంపెనీల యాప్‌లూ ఫోన్‌లో వేసుకుని, రెండు పీఎన్‌ఆర్‌లలోనూ మీ సొంత ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉన్నాయో లేదో చూడండి. ఏజెంటు నంబరు ఉంటే రద్దు మెసేజ్ ఆయనకు పోతుంది, ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉంటాడు. రాను టికెట్ రద్దు రుసుము ఎన్ని గంటల ముందు ఎంతో చూసి ఒక చోట రాసుకోండి. పోయే విమానం రద్దయిందని మెసేజ్ వస్తే డబ్బులు వెనక్కి వచ్చే సంగతి తర్వాత, అది రాక తప్పదు. ముందు తిరుగు విమానం కంపెనీకి ఫోన్ చేయండి, ఎందుకంటే గడియారం తిరుగుతున్నది ఆ టికెట్ మీద. రద్దు మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి వాళ్లకు పంపి, రుసుము లేకుండా తేదీ జరపమని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఇచ్చి తీరాలని నిబంధన లేదు, అయినా దేశమంతా గగ్గోలుగా ఉన్న రోజుల్లో అడిగినవాళ్లకు ఎంతోకొంత వెసులుబాటు దొరికే అవకాశం ఉంది. కుదరదంటే, విమానం బయల్దేరేలోగా రద్దు చేసి మిగిలినంత రాబట్టుకోండి. ఆ తర్వాత మొదటి కంపెనీ డబ్బు ఆలస్యం చేస్తేనో, తన తప్పుకు పరిహారం ఇవ్వనంటేనో ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. రెండో కంపెనీ మీద పెట్టాలనుకునే ఫిర్యాదు మాత్రం నిలబడేది కాదు.